మూడో పాఠం: సిరిమాను వీడియోకి అప్పీలు రాయడం, స్టేటస్ చదవడం

మొదటి రెండు పాఠాల్లో, మన వీడియోని యాప్ తీసేసినప్పుడు వచ్చే నోటీసు ఎలా చదవాలో, ఏ ఆధారాలు దాచుకోవాలో చూశాం. ఈ రోజు అప్పీలు రాద్దాం. అప్పీలు పంపాక తెరమీద కనిపించే ఒక్క మాట దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు, అందుకని పాఠంలో సగం దానికే కేటాయించాను.

ఉదాహరణ మా ఇంట్లోదే. మా చిన్నాన్న కొడుకు విజయనగరంలో ఉంటాడు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజున 4 నిమిషాల 12 సెకన్ల వీడియో తీసి ఒక యాప్‌లో పెట్టాడు. రెండు గంటల్లో తీసేశారు. కారణం దగ్గర `Harmful or dangerous acts` అని ఉంది. చూసినవాళ్లు అలాగే చేయబోతే దెబ్బలు తగిలే పనిని చూపించారని దాని అర్థం. వెంటనే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అమ్మవారి పండగలో డేంజర్ ఏటున్నాది?" అన్నాడు.

మనకి ఏమీ లేదు. కానీ తీసేసినవారి కళ్లతో ఒకసారి ఆ వీడియో చూడండి. పొడవాటి మాను కొనన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, అది గాల్లో ఊగుతోంది, కింద జనసముద్రం. పైగా మావాడు పెట్టిన శీర్షిక "ప్రాణాలకు తెగించి ఎక్కాడు చూడండి". బొమ్మ, శీర్షిక కలిపి చూస్తే యంత్రానికైనా, ఎక్కడో కూర్చున్న ఉద్యోగికైనా అది సాహసం వీడియోలాగే ఉంటుంది. పూజారి అన్న సంగతి వాళ్లకి తెలిసే దారి లేదు. అప్పీలు చేయాల్సిన పని అదే, వాళ్లకి కనిపించని సంగతి చెప్పడం.

మావాడి మొదటి అప్పీలు ఇలా ఉంది:

"సార్, నేను మూడేళ్లుగా కష్టపడి వీడియోలు చేస్తున్నాను. ఏ తప్పూ చేయలేదు. మా అమ్మవారిని అవమానించినట్టు ఉంది. దయచేసి నా వీడియో నాకు ఇప్పించండి."

వాడి బాధ నిజమే, కాదనను. కానీ చదివే మనిషికి ఇందులో ఒక్క ఆధారం కూడా దొరకదు. ఏ వీడియో, ఏ క్షణం, ఏ నియమం, ఆ నియమం ఎందుకు వర్తించదు అన్న నాలుగింటిలో ఒక్కటీ లేదు. అప్పీలు పెట్టెలో చోటు తక్కువ, చదివేవారికి తీరిక ఇంకా తక్కువ. చాలాచోట్ల అప్పీలు అవకాశం ఒక్కసారే ఉంటుంది. నియమం తప్పారని ఖాతా మీద వేసే గుర్తుని స్ట్రైక్ అంటారు. యూట్యూబ్‌లోనూ ఒక స్ట్రైక్ మీద ఒక్కసారే అప్పీలు చేయగలం. అక్కడ వీడియోని మనమే డిలీట్ చేసేసినా స్ట్రైక్ పోదు, కాబట్టి కంగారులో ఆ పని చేయొద్దు.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం:

"ఈ వీడియోని `Harmful or dangerous acts` కింద తొలగించారు. 1:40 నుంచి 2:25 వరకు మాను కొనన కనిపించే వ్యక్తి ఆలయ పూజారి. ఇది ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరంలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరిగే సిరిమానోత్సవం. రథానికి బిగించిన చింతమాను కొనన ఉన్న ఆసనంలో పూజారి కూర్చుంటారు. గుడికీ కోటకీ మధ్య ఊరేగింపు మూడుసార్లు సాగుతుంది. పోలీసు బందోబస్తు 0:35 దగ్గర కనిపిస్తుంది. వీడియోలో ఎవరినీ ఇలా చేయమని చెప్పలేదు, ఎలా చేయాలో చూపించలేదు. శీర్షికలో 'ప్రాణాలకు తెగించి' అని రాయడం నా పొరపాటు, వీడియో తిరిగి వస్తే మారుస్తాను. దీన్ని పండుగ దృశ్యంగా పరిశీలించి మళ్లీ చూడమని కోరుతున్నాను."

ఇందులో రెండు చోట్ల ఆగండి. మొదటిది సమయం. "వీడియోలో ఒకచోట" అంటే చదివేవారు వెతకరు, 1:40 అంటే అక్కడికే వెళ్తారు. రెండోది శీర్షిక గురించి ఒప్పుకోవడం. మావాడు మొదట ఒప్పుకోలేదు, "మనమే తప్పు చేసినట్టు అవదేటి?" అన్నాడు. శీర్షిక వాళ్లకి ఎలాగూ కనిపిస్తోంది. దాన్ని వదిలేసి మిగతా అంతా చెబితే ఆ మిగతాది కూడా నమ్మరు. అలాగని చేయని తప్పు నెత్తిన వేసుకోనక్కర్లేదు, శీర్షిక వరకే ఒప్పుకున్నాం.

రెండు రోజులకి స్టేటస్ మారింది: `Decision upheld`. మావాడు డిక్షనరీలో `upheld` అంటే "సమర్థించారు, నిలబెట్టారు" అని చూసుకుని, నెగ్గామని ఇంట్లో గ్రూపులో పెట్టేశాడు. పిన్ని అమ్మవారికి కొబ్బరికాయ కొడతానని కూడా అంది. గంట తర్వాత చూస్తే వీడియో లేదు.

దేన్ని నిలబెట్టారో చూడాలి. `Decision` అంటే వాళ్ల నిర్ణయం, అంటే తీసేయడమే. అది నిలబడిందంటే మనం ఓడిపోయినట్టు. అదే `Appeal upheld` అని ఉంటే నెగ్గింది మన అప్పీలు. `Decision overturned` చూస్తే ఏదో తిరగబడిందని భయమేస్తుంది గానీ, అది మనకి మంచి వార్త. `Closed` ఒక్కటే ఉంటే గెలుపోటములు తెలియవు, ఫైలు మూశారంతే. మాట మీద అనుమానముంటే రెండు చోట్ల చూడండి: లాగిన్ కాకుండా బ్రౌజర్‌లో వీడియో లింకు తెరుచుకుంటోందా, ఖాతాలో స్ట్రైక్ ఇంకా ఉందా. లింకు తెరుచుకోకపోయినా ఓడిపోయామని తేల్చుకోకండి. వయసు పరిమితితో తిరిగి వచ్చిన వీడియోని లాగిన్ అయిన పెద్దవాళ్లకే చూపించే యాప్‌లున్నాయి.

అప్పుడు మేం సహాయ విభాగానికి ఈ ప్రశ్న పంపాం. దీన్ని యథాతథంగా వాడుకోవచ్చు, అప్పీలు నంబరు మాత్రం మార్చుకోండి:

"నా అప్పీలు నంబరు (ఇక్కడ నంబరు). స్టేటస్ `Decision upheld` అని ఉంది. దీని అర్థం వీడియో తొలగింపు కొనసాగుతుందనా? 1:40 నుంచి 2:25 భాగమే కారణమా, ఇంకేదైనా ఉందా? ఇదే తుది నిర్ణయమా, ఇంకో మెట్టు ఉందా? స్ట్రైక్ ఉంటే ఏ తేదీ వరకు?"

ఇందులో వాదన పెట్టలేదు, ప్రశ్నలే ఉన్నాయి. వాదన కలిపితే జవాబు వాదనకే వస్తుంది, స్టేటస్ సంగతి అలాగే ఉండిపోతుంది. జవాబు వచ్చింది: తొలగింపు కొనసాగుతుంది, కారణం ఆ భాగమే, యాప్‌లో ఇక అప్పీలు లేదు.

యాప్‌లో దారి మూసుకున్నా మన దేశంలో ఇంకో తలుపు ఉంది. 2021 ఐటీ నియమాల ప్రకారం ఇలాంటి సంస్థలు ఫిర్యాదుల అధికారిని పెట్టి, ఆయన పేరు, సంప్రదించే వివరాలు సైట్‌లో ఉంచాలి. ఆయనకి అదే అప్పీలు, స్టేటస్ స్క్రీన్‌షాట్, సహాయ విభాగం జవాబు జతచేసి పంపాం. అక్కడా కుదరకపోతే, ఆయన జవాబు అందిన 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వం వేసిన అప్పీలు కమిటీకి `gac.gov.in` లో వెళ్లవచ్చు. తేదీ లెక్క ఆయన జవాబు నుంచే కాబట్టి ఆ మెయిల్ పోగొట్టుకోకండి.

మాకు కమిటీ దాకా వెళ్లే అవసరం రాలేదు. తొమ్మిదో రోజున వీడియో తిరిగి వచ్చింది, స్ట్రైక్ తీసేశారు. కానీ వయసు పరిమితి పెట్టారు. పిన్ని పాత ఫోన్‌లో లాగిన్ లేకుండా తెరిస్తే ఆడలేదు. ఈ నడిమి ఫలితం యూట్యూబ్‌లోనూ ఉంది: నియమం తప్పలేదు గానీ అందరికీ తగినది కాదనిపిస్తే వీడియోని వయసు పరిమితితో తిరిగి పెడతారు. అందుకే "తిరిగి పెట్టారు" అన్న మెయిల్ చూడగానే ఆగిపోకుండా, దాని కింద పరిమితి ఏదైనా రాశారా అని చివరిదాకా చదవండి. మావాడు మాట ప్రకారం శీర్షిక మార్చాడు: "విజయనగరం సిరిమానోత్సవం, గుడి నుంచి కోటకి".

అభ్యాసం: మీ ఊరి తప్పెటగుళ్ల వీడియో ఒకటి తీసుకోండి. కళాకారులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే దృశ్యాన్ని ఇదే కారణంతో తీసేశారనుకుని, సమయాలతో సహా ఎనిమిది వాక్యాల్లో అప్పీలు రాయండి. రాశాక ఆ కళ తెలియని మనిషికి చదివి వినిపించి, ఏం జరుగుతోందో అతన్ని తిరిగి చెప్పమనండి. అతను తడబడిన చోట వాక్యం మార్చండి. నాలుగో పాఠంలో కాపీరైట్ క్లెయిమ్‌కి రాసే జవాబు చూద్దాం, దానికి గడువులూ స్టేటస్ మాటలూ వేరు.