చిన్న ఇంటి పైకప్పు: కర్ర వాసాలా, ఇనుప ట్రస్సులా, స్లాబా? ఎలా ఎంచుకోవాలి?

ముందు టేపు తీసుకుని గది లోపలి కొలతలు రాసుకోండి. పైకప్పు లెక్కంతా ఆ రెండింటిలో చిన్న కొలత మీదే నడుస్తుంది. మేస్త్రీలు స్పాన్ అనేది దాన్నే, అంటే ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి ఉన్న దూరం. అడుగుకి అంతే బరువు ఉండి స్పాన్ రెట్టింపయితే, అదే దూలం 16 రెట్లు కిందికి వంగుతుంది. అందుకే గది ఒక్క అడుగు పెంచేముందు కూడా ఆలోచించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. గది 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. స్పాన్ 11 అడుగులు. నాలుగు గోడల మీదా ఆనే స్లాబుకి ఇక్కడ 5 అంగుళాల మందం సరిపోతుంది. చదరపు అడుగుకి దాని బరువు దాదాపు 29 కిలోలు, అంటే గది మీద 5 టన్నులు. మంగళూరు పెంకులు, కర్రలు కలిపితే చదరపు అడుగుకి 6 కిలోలు. వాలు కలుపుకుంటే మొత్తం 1.2 టన్నులు. రేకులు, ఇనుప పైపులు అయితే అంతా కలిపి 300 కిలోలు దాటదు.

ఇప్పుడు గోడలు చూడండి. సిమెంటుతో కట్టిన 9 అంగుళాల ఇటుక గోడ, సరైన పునాది ఉంటే 5 టన్నులు భయపడాల్సిన బరువు కాదు. మట్టితో కట్టిన పాత గోడ అయితే దాని మీద స్లాబు వేయొద్దు. కొత్త పిల్లర్లు లేపి వేయండి, లేదా పెంకులో రేకులో ఎంచుకోండి.

తర్వాత గాలి సంగతి. బరువు తక్కువ కదా అని రేకులకి వెళ్లేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. భారతీయ ప్రమాణాల్లో విశాఖపట్నానికి లెక్కించే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మీటర్లు. విశాఖ లెక్కన గాలి కప్పుని పైకి లాగే బలం చదరపు అడుగుకి సుమారు 14 కిలోలు, మన గది మీద దాదాపు 2.5 టన్నులు. ఆ గాలిలో స్లాబు కదలదు. పెంకులు లేస్తాయి. 300 కిలోల రేకుల కప్పు పునాది దాకా కట్టిపడేసి ఉంటేనే నిలుస్తుంది. అందుకే కోస్తాలో గోడలు దృఢంగా ఉంటే నా ఓటు స్లాబుకే. రేకులే వేయాల్సి వస్తే గోడ పైన కాంక్రీటు బెల్టు పోసి, బోల్టులు అందులోనే పాతి, పైపుల్ని వాటికి బిగించండి. ఇటుకల మధ్య రెండు అంగుళాలు దిగిన మేకు ఆపలేదు.

కర్రతో కప్పు కడితే బరువుకంటే తోపుడు ముఖ్యం. రెండు వైపులా వాలిన వాసాలు గోడల్ని బయటికి తోస్తాయి. ఎదురెదురు వాసాల కాళ్లని కలుపుతూ అడ్డంగా ఒక కర్ర కట్టాలి. లేదంటే నడి దూలం ఉండాలి, కానీ 16 అడుగుల పొడవుకి అది దాదాపు 4 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల లోతు ఉండాలి, లోతు నిలువుగా పెట్టాలి. అంత మంచి కర్ర ఇప్పుడు ఖరీదు. గోడ పైభాగంలో మొదలై పైకి వెడల్పయ్యే బీట కనిపిస్తే తోపుడు మొదలైందని అర్థం. పాత వాసాల చివరలు గోడలో దిగిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే అది చెదలో, తడో.

ఇనుప కడ్డీల్ని త్రికోణాలుగా అతికి చేసే ట్రస్సు 11 అడుగులకి అనవసరం. ఒక గోడ ఎత్తు పెంచి చదరపు పైపులు వాలుగా వేస్తే చాలు. మధ్యలో స్తంభం లేకుండా 20 అడుగులు, ఆపైన దాటాలంటే అప్పుడు ట్రస్సు అందుకు తగ్గ వస్తువు. త్రికోణాల వల్ల దాని కడ్డీలు వంగకుండా లాగుడూ నొక్కుడూ మాత్రమే మోస్తాయి. సముద్రం దగ్గరైతే వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు ముందు పడుతుంది, పెయింట్ అక్కడ ఎక్కువ పూతలు వేయించండి.

స్లాబు ఎంచుకుంటే కాంక్రీటు పోసే ముందు మీరే పైకెక్కి చూడండి. 11 అడుగుల దిశలో వెళ్లే రాడ్లు అన్నిటికన్నా కింద ఉండాలి, 16 అడుగుల రాడ్లు వాటి పైన. రాడ్లని పలకల నుంచి ఎత్తిపట్టే 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు కింద ఉన్నాయో లేదో చూడండి. రాడ్లు సెంట్రింగ్ పలకలకి తగులుతుంటే కొన్నేళ్లకి తుప్పు పట్టి, కింద పెచ్చులు ఊడతాయి. మామూలు సిమెంటయితే ఈ స్పాన్‌కి కింది పోటులు కనీసం 7 రోజులు ఉండాలి. 15 అడుగులు దాటితే 14 రోజులు. కాంట్రాక్టరు తొందరపెట్టినా, అంతకుముందు తీయనివ్వొద్దు.