రిపోర్టు కుదించేటప్పుడు టేబుల్‌లో ఏది ఉంచాలి?

పెద్ద రిపోర్టును కుదించేటప్పుడు ముందు ముగింపు వాక్యం చూడండి. అది టేబుల్‌లో ఏ అంకెల మీద ఆధారపడిందో వెతికి, వాటినే మాటల్లో రాయండి. 12 నెలల ఫిర్యాదుల టేబుల్ ఉందనుకోండి. "జనవరిలో 40 ఉన్న ఫిర్యాదులు డిసెంబరుకి 90 అయ్యాయి, జులైలో మాత్రం 25కి తగ్గాయి" అంటే చాలు, మిగతా నెలలు తీసేయొచ్చు. జులైని మాత్రం వదలకండి, అది లేకపోతే ఏడాదంతా పెరుగుతూనే పోయినట్టు అనిపిస్తుంది. శాతం రాస్తే ఎంతమందిలో అన్నదీ పక్కనే ఉండాలి. 50 శాతమంటే నలుగురిలో ఇద్దరే కావచ్చు. అదే టేబుల్‌ని మళ్లీ చూపించే గ్రాఫుని నేనైతే మొహమాటం లేకుండా కొట్టేస్తాను. ఆ తర్వాత "పటం 3 చూడండి" లాంటివి ఎక్కడైనా మిగిలాయేమో వెతకండి, ఆ పటం ఇప్పుడు లేదు కదా!