కర్టెన్ రాడ్ ఊడుతోందా? ముందు డ్రిల్ పొడి రంగు చూడండి

సమస్య: హైదరాబాద్ ఫ్లాట్లలో తరచూ కనిపించేదే. కిటికీ పక్కన బిగించిన కర్టెన్ రాడ్ బ్రాకెట్ కొన్నాళ్లకు వదులవుతుంది. స్క్రూ బిగిస్తే రావల్ ప్లగ్ కూడా దానితోపాటే తిరుగుతుంది.

కారణం: రాడ్‌తోపాటు ప్యాకెట్‌లో వచ్చే ప్లగ్ చాలావరకు 6 మిల్లీమీటర్ల లావు, 25 పొడవు ఉంటుంది. గోడ మీద ప్లాస్టరింగ్ మందమే దాదాపు 15. అంటే ఇటుకలోకి దిగేది 10 మాత్రమే. ప్లాస్టరింగ్‌కు పట్టు ఉండదు. పరదా లాగిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం రాలిపోతుంది. ఆ రంధ్రంలో అగ్గిపుల్లలు కుక్కితే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది.

పరిష్కారం: పాత ప్లగ్ పీకేసి, అదే చోట 8 బిట్టుతో 70 మిల్లీమీటర్ల లోతు వేయండి. బిట్టుకు టేపు చుట్టుకుంటే లోతు తెలుస్తుంది. ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక. పొడి మొత్తం ఊదేసి, 8×40 నైలాన్ ప్లగ్‌ను ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి పూర్తిగా దిగేలా పాత స్క్రూతో తట్టండి. ఇప్పుడు స్క్రూ పొడవు లెక్క: బ్రాకెట్ రేకు 2, ప్లాస్టరింగ్ 15, ప్లగ్ 40, కొన ప్లగ్ దాటి రావడానికి 5. మొత్తం 62. కాబట్టి 5 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు ఉన్న స్క్రూ అడగండి. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో విడిగా ఇస్తారు. జిప్సమ్ బోర్డుకు వాడే నల్ల స్క్రూ ఇస్తే వద్దనండి. అది పెళుసు, పక్క బరువుకు తల విరిగిపోతుంది.

తెల్లటి, మెత్తటి పొడి వచ్చి బిట్టు సులువుగా దిగిపోతే అది ఏఏసీ బ్లాకు, అంటే తేలికపాటి సిమెంటు ఇటుక, కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. అక్కడ హ్యామర్ మోడ్ వెంటనే ఆపేయండి. లేకపోతే రంధ్రం అంచులు పొడై ఎంత మంచి ప్లగ్ అయినా నిలవదు. ఏఏసీ కోసమే చేసిన, మర రెక్కలున్న ప్లగ్ వాడాలి.

కిటికీ పైన బిట్టు దిగకుండా బూడిదరంగు పొడి వస్తే అది కాంక్రీటు లింటెల్. హ్యామర్ మోడ్ పెట్టండి. బిట్టు ఒక్కసారిగా ఆగిపోతే లోపల ఇనుప కడ్డీ తగిలిందని అర్థం. మొండిగా నొక్కకుండా బ్రాకెట్‌ను 3 సెంటీమీటర్లు పక్కకు జరపండి.

గోడ కాకుండా పార్టికల్ బోర్డు అల్మరా కీలు ఊడిందా? ఇక్కడ ప్లగ్ పనికిరాదు. పాడైన రంధ్రాన్ని 8 బిట్టుతో 12 లోతు వరకే పెద్దది చేయండి. బోర్డు 18 మందమే, అవతలికి పోకూడదు. అంతే లావున్న చెక్క డోవెల్‌కు జిగురు రాసి దిగ్గొట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. బయటికి మిగిలిన ముక్కను కోసేసి, మధ్యలో 2.5 బిట్టుతో దారి చేసి, పాత 3.5×16 స్క్రూనే చేత్తో బిగించండి. మిషన్‌తో బిగిస్తే డోవెల్ చీలుతుంది.