పిప్ ఫారం హెచ్‌ఆర్ నుంచి వెనక్కి రాకుండా నింపే విధానం

పనిలో వెనకబడిన ఉద్యోగికి ఎంత మెరుగుపడాలి, ఎన్నాళ్లలో పడాలి, అందుకు కంపెనీ ఏం సాయం చేస్తుంది అని రాసిచ్చే కాగితం పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్. ఆఫీసుల్లో అందరూ పిప్ అనే అంటారు. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్, అంటే రోగుల చార్టులు చదివి జబ్బులకీ చికిత్సలకీ బిల్లు కోడ్లు వేసే టీముల నుంచి హెచ్‌ఆర్‌కి వచ్చే ఈ ఫారాలు పరిశీలించడం కొన్నేళ్లుగా నా పని. నేను వెనక్కి పంపినవాటిలో చాలా వరకు ఒకే పేజీలో దెబ్బతిన్నాయి. అది టార్గెట్ల పేజీ. ఆ పేజీ సరిగా లేకుండానే ఉద్యోగి చేతికి వెళ్లిపోయిన ఫారాలు కూడా చూశాను. అలాంటి ఫారం అందుకున్న మనిషి ఏం చేస్తే బయటపడతాడో ఆ ఫారం రాసిన టీమ్ లీడ్‌కి కూడా తెలియదు.

ముందు మామూలు దశలు. టీమ్ లీడ్ ఫారం నింపుతారు, మేనేజర్ ఓకే చేస్తారు, హెచ్‌ఆర్ చూస్తుంది, తర్వాత ముగ్గురూ ఉద్యోగితో కూర్చుని కాగితం ఇస్తారు. ఫారంతో పాటు గత మూడు నెలల ఆడిట్ షీట్లు, అంతకుముందు ఈ విషయం ఉద్యోగితో మాట్లాడినట్టు కనీసం రెండు మెయిళ్లు జతచేయాలి. ఆ మెయిళ్లు లేకపోతే ఇంకా పిప్ దాకా రాకండి, ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. పాత తేదీతో మెయిల్ తయారుచేసే ఆలోచన అసలే వద్దు. దొంగ లాగిన్, అబద్ధపు హాజరు లాంటివి క్రమశిక్షణ కిందికి వస్తాయి. వాటికి విచారణ వేరే ఉంటుంది, ఈ ఫారం పనికిరాదు.

ఇక టార్గెట్ల పేజీ. ఒక నిజమైన ఫారం తీసుకుని చెబుతాను. ఆ అమ్మాయి రెండేళ్లు రేడియాలజీ చార్టులు చేసింది, పని బాగుండేది. నాలుగు నెలల క్రితం ఎమర్జెన్సీ చార్టులకి మార్చారు. టీమ్‌లో క్వాలిటీ 95 శాతం ఉండాలి, ఆమెది 88 దగ్గర ఆగిపోయింది. టీమ్ లీడ్ టార్గెట్ గడిలో రాసింది ఒక్క వాక్యం: "60 రోజుల్లో క్వాలిటీ 95 శాతానికి తీసుకురావాలి, ప్రొడక్షన్ తగ్గకూడదు." సాయం గడిలో: "సీనియర్లు సపోర్ట్ చేస్తారు." ఫారం వెనక్కి పంపాను.

చూడటానికి స్పష్టంగానే ఉంది కదా, అంకె ఉంది, గడువు ఉంది అని ఆయన ఫోన్ చేశారు. వారానికి ఎన్ని చార్టులు ఆడిట్ చేస్తున్నారని అడిగాను. పది. చార్టు లెక్కా, కోడ్ లెక్కా? చార్టు లెక్క. అంటే పదిలో ఒక్క చార్టు తప్పితే 90 శాతం, ఏదీ తప్పకపోతే 100. ఏ వారం చూసినా 95 అనే అంకె రావడానికి దారే లేదు. ఆమెను 95 అడుగుతున్నామని అనుకుంటూ ఆయన 100 అడుగుతున్నారు.

చార్టు లెక్కకీ కోడ్ లెక్కకీ తేడా చాలా పెద్దది. ఆ టీమ్‌లో ఒక్కో చార్టుకి సుమారు ఐదు కోడ్లు పడతాయి. పది చార్టుల్లో 50 కోడ్లు అనుకోండి. మూడు చార్టుల్లో ఒక్కో కోడ్ తప్పితే కోడ్ లెక్కలో 94 శాతం, చార్టు లెక్కలో 70. మనిషీ అదే, పనీ అదే. అందుకే ఏ లెక్క అనేది ఫారంలో పదాల్లో రాయాలి. ఆమె పాత 88 శాతం కోడ్ లెక్కలో వచ్చింది, రాబోయే 95 చార్టు లెక్కలో అడిగారు. ఇది కావాలని చేసింది కాదు, రెండు వేర్వేరు షీట్లు చూసి రాశారు. కానీ దాని బరువు పడేది ఆమె ఉద్యోగం మీద.

తర్వాత చేసిన పని, పాత తప్పులను విడదీయడం. చివరి ఎనిమిది వారాల్లో ఆడిట్ అయిన కోడ్లు 400, తప్పులు 48. అందులో 29 విజిట్ లెవెల్ దగ్గర, అంటే మూడో లెవెల్ 99283 వేయాలా నాలుగో లెవెల్ 99284 వేయాలా అనే చోట. 2023 నుంచి ఎమర్జెన్సీ విజిట్ లెవెల్ పూర్తిగా డాక్టర్ వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమో చూసి వేస్తున్నారు. సమస్య ఎంత తీవ్రం, ఎన్ని టెస్టులూ రికార్డులూ చూశారు, చికిత్సలో ప్రమాదం ఎంత అనే మూడింటిలో రెండు ఆ లెవెల్‌కి సరిపోవాలి. రేడియాలజీలో ఈ పనే ఉండదు, కాబట్టి ఆమెకి ఇది కొత్త. ఇంకో 11 తప్పులు గాయాల కోడ్లలో ఏడో అక్షరం దగ్గర: A వేయాల్సిన చోట D వేసింది. రోగి ఇంతకుముందు వేరే ఆసుపత్రికి వెళ్లాడని చార్టులో కనబడగానే రెండోసారి వచ్చాడనుకుంది. గాయానికి అసలు చికిత్స ఇంకా నడుస్తుంటే ఎన్నో ఆసుపత్రి అయినా A వేయాలి. మిగిలినవి 8, అవి అందరికీ వచ్చేవే.

అంటే 48లో 40 తప్పులు రెండే విషయాల్లో ఉన్నాయి. ఈ విడదీత లేకుండా "క్వాలిటీ పెంచుకో" అంటే ఆ అమ్మాయి రాత్రంతా మొత్తం గైడ్‌లైన్స్ పుస్తకం తిరగేస్తుంది, టెన్షన్ పెరుగుతుంది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

తిరిగి రాసిన టార్గెట్ ఇలా ఉంది. వారానికి 20 చార్టులు, సుమారు 100 కోడ్లు, ఆమె పూర్తిచేసిన వాటిలోంచి ఆడిటర్ యాదృచ్ఛికంగా తీస్తారు, కష్టమైనవి ఏరకూడదు. మొదటి రెండు వారాలు నేర్చుకోవడానికే, ఆడిట్ చేస్తారు గానీ స్కోరు లెక్కలోకి రాదు. మూడు, నాలుగు వారాలు కలిపి 200 కోడ్లలో తప్పులు 18 దాటకూడదు. ఐదు, ఆరులో 14. ఏడు, ఎనిమిదిలో 10, అదే 95 శాతం. శాతం కంటే తప్పుల సంఖ్య రాయడం మేలని నా అనుభవం. "18లోపు" అంటే ప్రతి సాయంత్రం ఎవరికి వారు లెక్క చూసుకోగలరు.

ప్రొడక్షన్ సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. టీమ్ లెక్క రోజుకి 110 చార్టులు. కొత్త పద్ధతిలో ప్రతి విజిట్‌కీ మూడు అంశాలు చూసి లెవెల్ వేయమంటూనే 110 తగ్గకూడదంటే, ఆమె మధ్యాహ్నం దాకా జాగ్రత్తగా చేసి తర్వాత పరుగెడుతుంది. ఆడిట్ షీట్‌లో ఇది తెలిసిపోతుంది: తప్పులన్నీ సాయంత్రం నాలుగు తర్వాతి చార్టుల్లో పోగవుతాయి. ఆమె పాత షీట్లలో టైమ్ కాలమ్ చూస్తే సరిగ్గా అదే కనబడింది. అందుకని మొదటి రెండు వారాలకి 70, తర్వాత రెండు వారాలకి 90, ఐదో వారం నుంచి 110 అని రాయించాం.

సాయం గడి నింపేటప్పుడు ఒక్కటి అడగండి: ఈ సాయం అందలేదని ఉద్యోగి నిరూపించగలరా? "సపోర్ట్ చేస్తారు" అనే మాటని ఎవరూ నిరూపించలేరు. దాని బదులు ఇలా రాశాం: మంగళ, గురువారాల్లో సాయంత్రం 4 నుంచి 4.45 దాకా ఫలానా సీనియర్ ఆమె సొంత చార్టులు ఐదు పక్కన కూర్చుని చూస్తారు. ఆడిట్ ఫలితం రెండు పనిదినాల్లో ఆమెకి చేరాలి, ఎందుకంటే వారం ఆగితే అదే తప్పు ఇంకో ఐదు వందల చార్టుల్లో పడిపోతుంది. ఏ తప్పయినా ఆమె ఒప్పుకోకపోతే రెండో ఆడిటర్ మూడు పనిదినాల్లో తేలుస్తారు, అప్పటిదాకా ఆ తప్పు లెక్కలోకి రాదు. చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం: పైన రాసిన సాయం ఏ వారమైనా అందకపోతే గడువు ఒక వారం పెరుగుతుంది. టీమ్ లీడ్లు ఎక్కువగా అడ్డం తిరిగేది ఈ వాక్యం దగ్గరే. నేను దీన్ని తీసేయనివ్వను. సాయం వైపు గడువు లేని ప్లాన్‌లో గడువు ఉద్యోగికి మాత్రమే ఉంటుంది.

ఆ వాక్యం అవసరం నాలుగో వారంలోనే వచ్చింది. లెక్క చూస్తే తప్పులు 21, హద్దు 18. టీమ్ లీడ్ "ఫెయిల్" అని రాసి పంపారు. సిట్టింగుల రిజిస్టర్ తెప్పించాను. ఆ రెండు వారాల్లో నాలుగు జరగాలి, రెండే జరిగాయి, సీనియర్ పెళ్లికి ఊరెళ్లారు. గడువు వారం పెంచాం, ఆగిపోయిన రెండు సిట్టింగులూ ఆ వారంలో పెట్టాం. కొత్త లెక్కలో తప్పులు 16.

ఇప్పుడు ఫారం అందుకునేవారికి. సంతకం చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కాగితం అందినట్టు. అయినా సంతకం పైన "అందింది, నా అభిప్రాయం కింద ఇస్తున్నాను" అని రాసుకోవచ్చు. అభిప్రాయం గడి ఖాళీగా వదలకండి. ప్రాజెక్ట్ మారింది, ట్రైనింగ్ ఇవ్వలేదు, ఆడిట్ లెక్క వేరు, ఏది ఉంటే అది రెండు లైన్లలో రాయండి. కాపీ ఆ రోజే తీసుకోండి. మధ్యలో కొత్త టార్గెట్ చేర్చితే దానికి వేరే కాగితం, వేరే గడువు అడగండి. ప్రసూతి సెలవు నెలలను పాత స్కోరు లెక్కలో కలిపితే వెంటనే చెప్పండి. ఆ సెలవులో ఉన్నవారిని ఉద్యోగంలోంచి తీయకూడదని చట్టంలోనే ఉంది.

పిప్ వచ్చిందని తెలియగానే కొందరికి కన్సల్టెన్సీల పేరుతో ఫోన్లు వస్తాయి. "హెచ్‌ఆర్‌లో మనవాళ్లున్నారు, పిప్ తీయించేస్తాం" అనో, "ఇప్పుడే రిజైన్ చేయండి, వేరే కంపెనీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేం ఇస్తాం" అనో అంటారు. ఈ ప్రక్రియలో ఎవరికీ ఒక్క రూపాయి కట్టే దశ లేదు. ఆ దొంగ లెటర్ తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు దగ్గరే బయటపడుతుంది, అప్పుడు పోయేది కొత్త ఉద్యోగం. ఈరోజే రాజీనామా రాయకపోతే తీసేస్తామని ఆఫీసులోనే ఎవరైనా అన్నా, ఆ మాట మెయిల్‌లో ఇవ్వమని అడగండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి, నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ దాని బదులు నెల జీతం గానీ ఇవ్వాలి. ఐటీ సేవల కంపెనీలకి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చిన చోటా, టీమ్ మేనేజర్‌గా ఉన్నవారికీ ఈ సెక్షన్ వర్తించకపోవచ్చు, అలాంటివాళ్లు అపాయింట్‌మెంట్ లెటర్‌లోని షరతులు చూసుకోవాలి.

టీమ్ లీడ్లకి ఇంకొక్క మాట. పంపించేయాలని ముందే తేల్చుకుని ఉంటే ఈ ఫారం తీయకండి. ఉద్యోగి స్థానంలో వేరే మనిషి కావాలని ముందే రిక్వెస్ట్ పెట్టి, తర్వాత పిప్ పంపినవారిని చూశాను. రెండు తేదీలూ పక్కపక్కన పెడితే హెచ్‌ఆర్‌కి విషయం అర్థమవుతుంది.

గడువు పూర్తయ్యాక క్లోజర్ లెటర్ ఇవ్వడం చాలామంది మర్చిపోతారు. నోటిమాటగా "ఓకే, అయిపోయింది" అంటే సిస్టమ్‌లో ఆ మనిషి పిప్ కిందే ఉండిపోతారు, ఇంక్రిమెంట్ ఆగుతుంది, వేరే టీమ్‌కి మారడానికి అప్లై చేస్తే తిరస్కరణ వస్తుంది. ఆమె చివరి రెండు వారాల్లో 200 కోడ్లకి 9 తప్పులు చేసింది. క్లోజర్ లెటర్‌లో ఆ అంకె, పూర్తయిన తేదీ, సిస్టమ్‌లో స్టేటస్ మార్చిన తేదీ, ఈ మూడూ రాసి మూడు పనిదినాల్లో ఆమె చేతికిచ్చాం.