ఎకో రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఈఎఫ్ అంకె ఎలా వస్తుంది, దాన్నిబట్టి ఏం చేస్తారు

ముందుగా పోయిన పాఠంలోని అభ్యాసానికి జవాబు. గుండె ముడుచుకున్నప్పుడు ఎడమ జఠరిక వ్యాసం ఎంత శాతం తగ్గిందన్నది ప్రశ్న. ఎడమ జఠరిక లోపలి వ్యాసం వదులైనప్పుడు 58 మిల్లీమీటర్లు, ముడుచుకున్నప్పుడు 46. తగ్గింది 12. 58లో 12 అంటే దాదాపు 21 శాతం. కొందరు 12ని 46తో భాగించి 26 అని వేసి ఉంటారు. అక్కడ ఒక్క క్షణం ఆగండి. భాగించాల్సింది ఎప్పుడూ గుండె నిండుగా ఉన్నప్పటి కొలతతోనే. ఈరోజు పాఠానికీ అదే పునాది.

ఈసారి ఈఎఫ్, అంటే ఎజెక్షన్ ఫ్రాక్షన్. వాడుకలో దీన్నే ‘పంపింగ్’ అంటాం. ‘పంపింగ్ 30 శాతమే ఉందట’ అనగానే ఇంట్లో అందరికీ గుండె జారిపోతుంది. వందలో డెబ్బై పాళ్లు గుండె చచ్చిపోయిందని అర్థం చేసుకుంటారు. ఆ లెక్క తప్పు. ఆరోగ్యంగా ఉన్న గుండెకైనా ఈఎఫ్ 100 ఉండదు. మామూలుగా మగవాళ్లలో 52 నుంచి 72 వరకు, ఆడవాళ్లలో 54 నుంచి 74 వరకు ఉంటుంది. కాబట్టి 30ని పోల్చాల్సింది వందతో కాదు, అరవై దరిదాపుల్లోని అంకెతో.

ఎడమ జఠరిక పూర్తిగా నిండినప్పుడు అందులో ఉన్న రక్తాన్ని రిపోర్టులో EDV అని రాస్తారు. ముడుచుకున్న తర్వాత లోపల మిగిలిపోయిన రక్తం ESV. ఈ రెంటి మధ్య తేడాయే ఒక్క కొట్టుకు బయటికి వెళ్లిన రక్తం.

```
EF = (EDV − ESV) ÷ EDV × 100
```

120 మిల్లీలీటర్లు నిండి, 48 మిగిలితే, 72 బయటికి వెళ్లింది. 120లో 72 అంటే 60 శాతం. లెక్క ఇంతే.

ఇది నిష్పత్తి అన్న సంగతి మాత్రం మనసులో గట్టిగా నాటుకోవాలి. రెండు గుండెలు తీసుకుందాం. మొదటిది గోడలు బాగా మందమై, లోపల ఇరుకైపోయిన గుండె. అందులో పట్టేదే 60 మిల్లీలీటర్లు. ఈఎఫ్ 60 శాతం, అంటే కొట్టుకు 36 మిల్లీలీటర్లు పంపుతుంది. రెండోది సాగిపోయి పెద్దదైన గుండె. అందులో 240 పడుతుంది. ఈఎఫ్ 30 శాతమే అయినా కొట్టుకు 72 పంపుతుంది. రిపోర్టులో అంకె బాగున్న గుండె తక్కువ రక్తం పంపుతోంది, అంకె సగమున్న గుండె రెట్టింపు పంపుతోంది. అలాగని రెండోది మంచి గుండె అనుకోకండి. బలం తగ్గిన కండరం సాగి, ఎక్కువ నింపుకుని నెట్టుకొస్తోంది. మొదటి గుండె ఉన్న మనిషికి ఈఎఫ్ 60 ఉన్నా నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావచ్చు. ‘పంపింగ్ బాగానే ఉంది కదా, ఆయాసం ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఈఎఫ్ 50, అంతకంటే ఎక్కువ ఉన్నా హార్ట్ ఫెయిల్యూర్, అంటే ఒంటికి కావాల్సినంత రక్తాన్ని గుండె సరిగ్గా అందించలేని స్థితి, ఉండవచ్చు. దాని సంగతి వేరే పాఠంలో విడిగా చూద్దాం.

ఇప్పుడు ఒక రిపోర్టు చేతిలోకి తీసుకుందాం. పాఠం కోసం నేను కూర్చిన కేసు ఇది, అయితే ఇలాంటివి రోజూ వస్తుంటాయి. 58 ఏళ్ల మనిషికి గుండెపోటు వచ్చింది. గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ధమని మూసుకుపోతే స్టెంటు వేశారు. కాళ్లకు వాపు, పడుకుంటే ఆయాసం ఉన్నాయి. మూడో రోజు తీసిన ఎకో ఇది:

```
LVIDd 54 mm     LVIDs 40 mm
LVEF (M-mode)     50 %
LVEDV 150 ml    LVESV 105 ml
LVEF (Simpson's)  30 %
RWMA: apex, distal septum, mid & distal anterior wall
```

LV అంటే ఎడమ జఠరిక. LVIDd దాని వదులైనప్పటి వ్యాసం, LVIDs ముడుచుకున్నప్పటిది. ఒకే కాగితంలో ఒకే మనిషికి 50, 30. ఏది నమ్మాలి?

M-mode కొలత ఒక్క గీత మీద ఆధారపడుతుంది. జఠరిక మొదలు దగ్గర, కవాటాలకు కాస్త కింద, అడ్డంగా ఒక గీత వేసి ఆ ఒక్కచోట వ్యాసం ఎంత తగ్గిందో చూస్తారు. దాన్నిబట్టి మొత్తం గుండె పరిమాణాన్ని యంత్రం ఊహించి చెబుతుంది. గోడలన్నీ ఒకే తీరున కదిలే గుండెలో ఆ ఊహ సరిపోతుంది. ఈయన గుండెలో దెబ్బ తగిలింది కొన దగ్గర. గీత వెళ్లింది మొదలు దగ్గర. అక్కడి కండరం చక్కగా కదులుతోంది కాబట్టి 50 వచ్చింది. కదలని కొన ఆ లెక్కలోకి రానే లేదు. RWMA అన్న వరుస చూడండి, గోడలో ఏయే భాగాల కదలిక దెబ్బతిందో అక్కడ రాస్తారు. ఆ వరుసలో ఏదైనా ఉంటే M-mode ఈఎఫ్‌ను పక్కన పెట్టేయాలి. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంటుందంటే ఇదే గుర్తుండాలని నా కోరిక, ఎందుకంటే రిపోర్టులో పైన కనబడే 50ని చూసి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోయేవాళ్లున్నారు.

సింప్సన్ పద్ధతిలో జఠరికను కొన వైపు నుంచి రెండు కోణాల్లో చూస్తారు. బొమ్మను ఆపి, గుండె నిండుగా ఉన్న ఫ్రేమును ఎంచుకుని, లోపలి అంచు వెంట గీత గీస్తారు. కవాటం ఒక చివర మొదలుపెట్టి, కొన చుట్టి, రెండో చివరికి రావాలి. లోపలికి పొడుచుకొచ్చినట్టుండే కండరపు దిమ్మెలను గీత లోపలే వదిలేయాలి. తర్వాత ముడుచుకున్న ఫ్రేములో మళ్లీ అదే పని. యంత్రం ఆ ఆకారాన్ని 20 పలచని బిళ్లలుగా కోసి, ఒక్కోదాని పరిమాణం కట్టి కూడుతుంది. మన కేసులో లెక్క వేయండి: 150 నుంచి 105 తీస్తే 45. 150లో 45 అంటే 30. అంకె సరిపోయింది.

ఈ పద్ధతీ మనిషి చేతి గీతే. ఊపిరితిత్తులు అడ్డొచ్చి అంచు మసకగా ఉంటే గీసేవారు అంచు ఎక్కడుందో అంచనా వేసుకోవాల్సి వస్తుంది. ప్రోబు సరిగ్గా కొన మీద కాకుండా పక్కన పెడితే గుండె పొట్టిగా కనబడి, దెబ్బతిన్న కొన మళ్లీ తప్పిపోతుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో ఒక్కో కొట్టుకు ఒక్కో అంకె వస్తుంది, అందుకే చాలా కొట్లు కొలిచి సగటు తీయాలి. అన్నీ సవ్యంగా ఉన్నా ఒకే మనిషిని ఒకే రోజు ఇద్దరు కొలిస్తే 5 పాయింట్ల తేడా రావడం మామూలే, ఒక్కోసారి 10 దాకా పోతుంది. కాబట్టి పోయినసారి 45, ఈసారి 42 అని వస్తే గుండె క్షీణించిందని దిగులు పడనక్కర్లేదు. 45 నుంచి 32కి వస్తే మాత్రం ఆ మార్పును పట్టించుకోవాల్సిందే.

ఇక వైద్యం. హార్ట్ ఫెయిల్యూర్‌లో 40, అంతకంటే తక్కువ ఒక వర్గం, 41 నుంచి 49 మధ్య వర్గం, 50, ఆ పైన ఇంకొకటి. మనవాడిది 30, కాబట్టి మొదటి వర్గం. ఆయుష్షు పెంచుతాయని గట్టి రుజువున్న మందులు ఎక్కువగా ఈ వర్గానికే ఉన్నాయి. అవి నాలుగు రకాలు. రక్తనాళాల ఒత్తిడి తగ్గించే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి, లేదా వాటి స్థానంలో సాక్యుబిట్రిల్–వల్సార్టాన్. బీటా బ్లాకర్లలో బిసోప్రొలాల్, కార్వెడిలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్ ఈ మూడింట్లో ఒకటి. స్పైరనోలాక్టోన్ లేదా ఎప్లెరినోన్. డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. చివరి రెండూ మొదట షుగర్ మందులే అయినా షుగర్ లేనివారికీ ఇందులో ఇస్తారు. చీటీలో అవి చూసి ‘నాకు షుగర్ లేదే’ అని మానేయకండి.

వీటిని చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతారు. కార్వెడిలాల్ రోజుకు రెండుసార్లు 3.125 మిల్లీగ్రాములతో మొదలై, తట్టుకుంటే ఒక్కో పూటకు 25 దాకా వెళుతుంది. మధ్యలో బీపీ, నాడి, రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ చూస్తూ ఉండాలి. మోతాదు పెంచుతున్నారంటే జబ్బు ముదిరిందని కాదు, మొదటినుంచీ పథకమే అది.

ఈఎఫ్ 35, అంతకంటే తక్కువ ఉంటే ఇంకో ప్రశ్న వస్తుంది. అలాంటి గుండెలో ప్రమాదకరమైన లయ పుట్టి, ఉన్నపళాన గుండె ఆగిపోయే ముప్పు ఎక్కువ. ఆ లయను పసిగట్టి షాక్ ఇచ్చే ఐసీడీ అనే పరికరాన్ని ఛాతీలో పెడతారు. మరి మనవాడికి 30 ఉంది కదా, మూడో రోజే ఎందుకు పెట్టలేదు? గుండెపోటులో కొంత కండరం చనిపోతుంది, ఇంకొంత బతికే ఉండి తాత్కాలికంగా మొద్దుబారుతుంది. రక్తం మళ్లీ అందాక ఆ రెండో భాగం వారాల తరబడి మెల్లగా కోలుకుంటుంది. మూడో రోజు ఎకోలో ఈ రెండూ ఒకేలా కదలకుండా కనబడతాయి. అందుకే గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు, స్టెంటు వేసినవారిలో దాదాపు 3 నెలలు మందులు సరిగ్గా వాడించి, మళ్లీ ఎకో తీసి అప్పుడు నిర్ణయిస్తారు.

మూడు నెలల తర్వాత ఆయన రిపోర్టు:

```
LVEDV 138 ml    LVESV 80 ml
LVEF (Simpson's)  42 %
```

138 నుంచి 80 తీస్తే 58. 138లో 58 అంటే 42. పెరుగుదల 12 పాయింట్లు, కొలతలో వచ్చే మామూలు తేడా కంటే ఎక్కువే. దానికి తోడు EDV 150 నుంచి 138కి తగ్గింది. అంటే గుండె సాగడం ఆగి, కాస్త కుదురుకుంది. రెండు అంకెలూ ఒకే దిశలో కదిలినప్పుడు మెరుగుదల నిజమని ధైర్యంగా అనవచ్చు. ఈ దశలో ముందుజాగ్రత్తగా ఐసీడీ పెట్టే అవసరం కనబడదు. అదే 34 వచ్చి ఉంటే? 35 అన్న హద్దుకు అంత దగ్గరున్న అంకెను ఒక్క ఎకోతో తేల్చకుండా, కాంట్రాస్టు ఇచ్చి ఎకో గానీ, గుండె ఎమ్మారై గానీ చేసి, మనిషి లక్షణాలు కూడా చూసి మాట్లాడతారు.

42 వచ్చింది కదా, మందులు ఆపవచ్చా? వద్దు. 40 లోపు నుంచి 10 పాయింట్లు పెరిగి 40 దాటిన గుండెను మెరుగుపడిన గుండె అంటారు, నయమైన గుండె అనరు. గుండెపోటు వల్ల కాక కండరమే బలహీనపడి, తర్వాత ఈఎఫ్ 50 దాటిన 51 మందిని తీసుకుని చేసిన పరీక్ష ఒకటి 2019లో అచ్చయింది. వాళ్లలో మందులు క్రమంగా మాన్పించిన 25 మందిలో 11 మందికి 6 నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవారిలో ఆ 6 నెలల్లో ఒక్కరికీ తిరగబెట్టలేదు. మనవాడి చీటీలో నాలుగు మందులూ అలాగే ఉంటాయి.

వచ్చే పాఠానికి అభ్యాసం. ఒక రిపోర్టులో EDV 180, ESV 72. ఎడమ వైపు మైట్రల్ కవాటం బాగా లీకవుతోందని, కొట్టుకు 50 మిల్లీలీటర్లు వెనక్కి కర్ణికలోకి పోతోందని రాశారు. ఈఎఫ్ ఎంతో లెక్కకట్టండి. తర్వాత ఒంటికి నిజంగా అందిన రక్తం ఎంతో కట్టండి. ఆ ఈఎఫ్ అంకె చూసి సర్జన్ ఎందుకు తొందరపడతాడో ఆలోచించి రాసి పెట్టుకోండి.