ముఖం అతికించిన ఫోటోనా? అనుమానం నుంచి రుజువు దాకా

సమస్య: మనిషి ముఖం నున్నగా ఉంది, మెడ మాత్రం మామూలుగా ఉంది

మార్ఫింగ్ ఫోటోల్లో నేను ముందు చూసేది ఇదే. కారణం సులువు. ముఖాలు మార్చడానికి చాలామంది వాడే inswapper_128 లాంటి ఏఐ మోడల్ ముఖాన్ని 128 పిక్సెళ్ల చదరంలోనే గీస్తుంది. అసలు ఫోటోలో ఆ ముఖం 600 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకోండి, ఆ చిన్న చదరాన్ని దాదాపు అయిదు రెట్లు సాగదీసి అతికించాల్సి వస్తుంది. అప్పుడు చర్మం మీది రంధ్రాలు, సన్న ముడతలు, కెమెరా గరుకు అన్నీ పోతాయి. దాన్ని దాచడానికి ముఖాన్ని పదును పెట్టే ఇంకో మోడల్ నడుపుతారు, దాంతో కనురెప్పలు గీసినట్టు తేలతాయి గానీ బుగ్గలు మైనపు బొమ్మలా మారతాయి.

ఏం చేయాలంటే, ఫోటోని 300 శాతానికి పెంచి బుగ్గని, మెడని పక్కపక్కన పోల్చండి. తేడా ఉందని వెంటనే తీర్పు ఇచ్చేయొద్దు, ఫోన్లలోని బ్యూటీ ఫిల్టర్ కూడా ఇదే పని చేస్తుంది. అదే ఫోటోలో పక్కన నిలబడ్డవాళ్ల ముఖాలు కూడా నున్నగా ఉంటే ఫిల్టర్ అయ్యుండొచ్చు. ఒక్కరిదే అలా ఉంటే అనుమానం బలపడుతుంది.

సమస్య: ముఖం ఆయనదే, కానీ ఏదో తేడాగా ఉంది

ఇలాంటప్పుడు చెవులు చూడండి. ఈ మోడళ్లు సాధారణంగా నుదురు నుంచి గడ్డం దాకా ఉన్న మధ్య భాగాన్నే మారుస్తాయి. చెవులు, జుట్టు, మెడ అన్నీ కింద ఉన్న అసలు మనిషివే మిగిలిపోతాయి. ఆ వ్యక్తిది నమ్మదగిన పాత ఫోటో ఒకటి, వీలైనంతవరకు అదే కోణంలో తీసింది, తెచ్చుకుని చెవి తమ్మె బుగ్గకు అంటుకుని ఉందా, విడిగా వేలాడుతోందా, పైన మడత ఎక్కడ తిరిగింది అని పోల్చండి. నన్నడిగితే కళ్లలో మెరుపు కంటే ఇదే నమ్మదగ్గది, ఎందుకంటే ఫోటోలో ఉన్న వెలుతురుకు తగ్గట్టే ముఖం గీయడం మోడళ్లకు బాగానే వచ్చేసింది. కళ్లలో వెలుగు ఒకవైపు, ముక్కు నీడ దానికి పొసగని వైపు ఉండటం చేత్తో కత్తిరించి అతికించిన వాటిలోనే ఎక్కువ. నుదుటి మీద పడ్డ వెంట్రుక మధ్యలో మాయమవడం, కళ్లజోడు ఫ్రేము వంకరపోవడం కూడా ఓసారి చూసుకోండి.

సమస్య: కంటికి ఏమీ దొరకలేదు, అయినా నమ్మకం కుదరట్లేదు

ఇక ఫైలు ఎక్కడ పుట్టిందో అడగాలి. ఫోటో ఎక్కడ పుట్టింది, తర్వాత ఎలా మారింది అన్నది నమోదు చేసే పద్ధతే సీటూపీఏ ప్రమాణం, దాన్ని పాటించే కెమెరాలు, ఎడిటింగ్ యాప్‌లు ఫోటోలో డిజిటల్ సంతకం చేసిన చిట్టా ఒకటి పెడతాయి. లైకా ఎం11-పి 2023లో దీన్ని కెమెరాలోనే తెచ్చింది. కంప్యూటర్‌లో c2patool అనే ప్రోగ్రామ్ పెట్టుకుని ఆ చిట్టాని ఇలా చదవొచ్చు:

```
c2patool photo.jpg
```

`No claim found` అని వస్తే చిట్టా లేదని మాత్రమే అర్థం, ఫోటో దొంగదని కాదు. చాలా మెసేజింగ్ యాప్‌లు ఫోటోని కుదించేటప్పుడు చిట్టాని తీసేస్తాయి, స్క్రీన్‌షాట్‌లో అసలు ఉండదు. పంపినవాళ్లని అడిగి ఒరిజినల్ ఫైలుని డాక్యుమెంట్‌గా పంపించుకుని మళ్లీ చూడండి.

`assertion.dataHash.mismatch` కనిపిస్తే సంతకం పడ్డాక ఫైలు మారిందన్నమాట. ఎవరు, ఎందుకు మార్చారో అది చెప్పదు, ముఖమే మారిందని కూడా చెప్పదు.

అన్నీ సరిగ్గా ఉంటే చిట్టాలోని పనుల వరస చదవండి. `c2pa.created` పక్కన `digitalCapture` ఉంటే కెమెరాతో తీసినట్టు. తర్వాత `c2pa.placed` వస్తే ఇంకో బొమ్మ తెచ్చి పెట్టారు. `compositeWithTrainedAlgorithmicMedia` అని ఉంటే ఏఐ గీసిన భాగం కలిసిందని ఆ యాప్ తానే ఒప్పుకుంటోంది. అలా కలిపినంత మాత్రాన మోసం కాదు, ఫోటోలో అడ్డొచ్చిన స్తంభాన్ని ఏఐతో తీసేసినా ఇదే రాస్తుంది, కాబట్టి మార్పు ఎక్కడ జరిగిందో మీరే చూడాలి.

అయితే సరైన సంతకాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. 2025లో నికాన్ జడ్6-III కెమెరాలో ఒక లొసుగు బయటపడింది. సంతకం లేని బొమ్మని కార్డులో పెట్టి, మల్టిపుల్ ఎక్స్‌పోజర్‌లో దానిమీద ఇంకో ఫోటో కలిపితే, ఆ కలిపిన ఫోటోకి కెమెరా అసలైనదే అన్నట్టు సంతకం పెట్టేసేది. నికాన్ ఆ సంతకాల సేవ ఆపి, సంతకం ఎవరిదో చెప్పడానికి అప్పటిదాకా ఇచ్చిన సర్టిఫికెట్లని రద్దు చేసింది. అందుకే చిట్టా చదివేటప్పుడు సంతకం ఏ పరికరానిది, దాని సర్టిఫికెట్ ఇంకా చెల్లుతోందా అన్నదీ చూసుకోవాలి.