గల్లాకూ పద్దుకూ పొంతన కుదరని కథ రాయడం ఎలా?

కొట్టు యజమాని కూతురు రోజూ లెక్క ఎందుకు తేలడం లేదో కనిపెట్టే కథ రాయాలంటే, ముందు తెల్లకాగితం మీద వేయాల్సింది పాత్రలు కాదు, ఒక రోజు లెక్క. అది సరిగ్గా లేకపోతే కొట్టు నడిపిన ఏ పాఠకుడైనా రెండో పేజీలోనే కథ పక్కన పెట్టేస్తాడు.

కొట్టు ఎంచుకోండి

చిన్న కిరాణా కొట్టు పనికిరాదు. అక్కడ చాలామంది రాత్రి గల్లాలో ఉన్నదే ఆ రోజు అమ్మకం అనుకుంటారు. పోల్చడానికి రెండో లెక్కే ఉండదు. ప్రతి అమ్మకానికీ కార్బన్ పెట్టి బిల్లు రాసే హార్డ్‌వేర్ కొట్టు అయితే బాగుంటుంది. బిల్లు పుస్తకం ఒకటి చెబుతుంది, గల్లా ఇంకొకటి చెబుతుంది.

ఒక సోమవారం లెక్క కట్టండి

పొద్దున గల్లాలో ఉంచిన చిల్లర 1,500. బిల్లుల మొత్తం 12,480. పాత బాకీ వసూలు 700. ఈ మూడూ కూడితే 14,680. ఇందులోంచి ఫోన్‌లో వచ్చిన 4,350, అరువు పోయిన 1,840, ఆటో బాడుగ, టీలు వగైరా 620 తీసేయాలి. గల్లాలో 7,870 ఉండాలి. లెక్కపెడితే 7,666 ఉంది. తగ్గింది 204.

ఫోన్ డబ్బునో అరువునో తీసేయడం మరచిపోవడమే రహస్యమని రాయకండి. కూతురు మొదటి రాత్రే పట్టుకునే తప్పు అది, కథ అక్కడే అయిపోతుంది.

కారణం రోజూ జరిగేదై ఉండాలి

కూడికలో పొరపాటు ఒకరోజు తగ్గిస్తుంది, ఇంకోరోజు పెంచుతుంది. ఎప్పుడూ తగ్గుతోందంటే వెనక ఒక అలవాటు ఉండాలి. మన ఊళ్లకు బాగా సరిపోయేది డైలీ ఫైనాన్స్. నాన్న సంక్రాంతి వెళ్లాక సరుకు కోసం ఇరవై వేలు రాయించుకుని, వడ్డీ ముందే కోసేయగా చేతికొచ్చిన పదిహేడు వేలు తెచ్చుకున్నాడనుకుందాం. రోజుకు రెండువందల చొప్పున నూరు వాయిదాలు కట్టాలి. ఇంట్లో చెప్పలేదు, ఖర్చులోనూ రాయలేదు.

రోజూ సరిగ్గా 200 తగ్గితే పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది. అందుకే చిల్లరతో కప్పాలి. 507 బిల్లుకు 500 తీసుకోవడం, ఎవరో మూడు రూపాయలు వదిలేసి పోవడం కొట్లో మామూలే. కాబట్టి వారంలో తేడాలు 204, 198, 212, 207, 201, 209 అని వేసుకోండి. ఆదివారం మాత్రం 3.

తప్పుదారి ఒక్కటి చాలు

కొట్లో పనిచేసే కుర్రాడి మీద అనుమానం అందరూ రాసేదే. దానికన్నా మంగళవారం నాటి 198 మంచి ఎర. ఒక సంఖ్యలో అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. 153ని 351గా రాస్తే తేడా సరిగ్గా 198. కామర్స్ చదివే అమ్మాయికి ఇది తట్టడం సహజం. బిల్లులన్నీ తిరగేస్తుంది, అలాంటిది దొరకదు. బుధవారం 212 వస్తుంది. తొమ్మిదితో పోదు. అనుమానం వీగిపోతుంది. తేడా తొమ్మిదితో పోయినంత మాత్రాన అంకెలు మారినట్టు కాదనేది ఆమె ఇక్కడే నేర్చుకోవాలి.

కనిపెట్టడం ఆమె చేతుల్లోనే ఉండాలి

సొరుగులో కాగితం దొరికిందని రాస్తే అది అదృష్టం అవుతుంది. రాత్రి ఒక్కసారి కాకుండా మధ్యాహ్నం పన్నెండుకు, మూడుకు, ఆరుకు, మూసేటప్పుడు గల్లా లెక్కపెట్టించండి. పన్నెండుకు తేడా రెండు రూపాయలు, మూడుకు 203. ఆ తర్వాత పెద్దగా మారదు. అంటే డబ్బు పోతున్నది ఆ మూడు గంటల్లోనే. ఆదివారం కొట్టు తెరిచినా డబ్బు పోలేదు కాబట్టి, ఆ రోజు రానిదెవరు అన్నదే మిగిలిన ప్రశ్న.

మర్నాడు నాన్నను భోజనానికి ముందే పంపి తను గల్లా దగ్గర కూర్చుంటుంది. ఒకటిన్నరకు బైకు ఆగుతుంది. “నాన్నగారు లేరామ్మా? ఈ రోజుది నువ్విస్తావా?” అంటూ అతను గళ్ల కార్డు చాపుతాడు. ఇక్కడ వివరణ అక్కర్లేదు. కార్డులో సంతకాలు పడిన గళ్లు ఆదివారాలు వదిలేసి వరుసగా ఉన్నాయని చూపితే చాలు.

తర్వాత ఆమె నాన్నను నిలదీస్తే కథ ఉపన్యాసంలోకి జారిపోతుంది. ఆ రాత్రి ఖర్చుల వైపు “ఫైనాన్స్ 200” అని తనే రాసి పుస్తకం నాన్న ముందు పెట్టడం మేలు. ఆయన ఏమంటాడో ఒక్క వాక్యంలో తేల్చేయండి.

చివరగా తేదీలు సరిచూడండి

వారానికి ఆరు చొప్పున నూరు వాయిదాలకు పదహారు వారాల నాలుగు రోజులు పడుతుంది. జనవరి మూడో వారంలో మొదలైన అప్పు మే నెల మధ్య దాకా నడుస్తుంది. అమ్మాయి సెలవులకు వచ్చి ఏప్రిల్ చివర్లో గల్లా దగ్గర కూర్చుంటే కార్డులో ఇంకా పదిహేను గళ్ల దాకా ఖాళీగా ఉండాలి. కథను జూన్‌లో పెట్టారంటే అప్పటికి అప్పే తీరిపోయి ఉంటుంది.